మా పేరుతో దొంగ ఖాతా, ఫాలోవర్లకి మెసేజీలు: హెచ్చరిక ఎలా రాయాలి? అసలు మేమో కాదో వాళ్ళు ఎలా తేల్చుకోవాలి?

కొవ్వొత్తి_పని:
చేత్తో చేసిన కొవ్వొత్తులు అమ్మే చిన్న వ్యాపారం మాది. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ, విడిగా ఒక వెబ్‌సైటు ఉన్నాయి. ఇప్పుడు గివ్‌అవే ఒకటి నడుస్తోంది. ఆ పోస్టు కింద కామెంట్ పెట్టిన వాళ్ళకి ఎవరో మా లోగో, మా ఫొటోలు పెట్టుకుని డీఎంలు పంపుతున్నారు. "అభినందనలు, మీరే విజేత. షిప్పింగ్ ఖర్చు మాత్రం మీరు కట్టాలి, గంటలోపు ఈ లింకులో కార్డు వివరాలు ఇవ్వండి" అని ఉంది. నేను వెతికితే ఆ ఖాతా నాకు కనిపించడం లేదు, కానీ ఫాలోవర్లు స్క్రీన్‌షాట్లు పంపుతున్నారు. నేను రాసుకున్న హెచ్చరిక ఇది:

"జాగ్రత్త! మా పేరుతో ఫేక్ అకౌంట్ తిరుగుతోంది. దయచేసి మోసపోకండి. మేము ఎప్పుడూ ఎవరికీ డీఎం చేయం. షేర్ చేయండి."

ఇది సరిపోతుందా? ఇంకేం రాయాలి?

గబగబ:
ముందు పాస్‌వర్డ్ మార్చేయండి. టూ ఫ్యాక్టర్ పెట్టండి. తెలియని డివైసులన్నీ లాగౌట్ చేయండి. హ్యాక్ అయిన పేజీ నుంచి ఎన్ని హెచ్చరికలు పెట్టినా ఎవరూ నమ్మరు.

కాపలా_దీపం:
గబగబ గారూ, ఇది హ్యాక్ కాదండీ. ఆవిడ ఖాతా ఆవిడ చేతిలోనే ఉంది. పక్కన ఇంకొకరు అదే వేషంలో ఇంకో ఖాతా తెరిచారు, అంతే. హ్యాక్ అయితే మెసేజీలు అసలు హ్యాండిల్ నుంచే వెళ్తాయి, వాటి నకళ్ళు మన ఇన్‌బాక్సులోనే కనిపిస్తాయి. ఇక్కడ వేరే హ్యాండిల్ నుంచి వెళ్తున్నాయి. టూ ఫ్యాక్టర్ ఎలాగూ ఉండాలి, కానీ దానితో ఈ మోసం ఆగదు.

కొవ్వొత్తి_పని గారూ, మీకు కనిపించకపోవడానికి కారణం చాలావరకు ఇదే అయి ఉంటుంది. దొంగ ఖాతా తెరిచీ తెరవగానే మిమ్మల్ని బ్లాక్ చేస్తారు. అలా చేస్తే మీరు వెతికినా దొరకరు, మీ రిపోర్టూ ఆలస్యమవుతుంది. ఇంకొకరి ఫోన్ నుంచి చూడండి. చూసినవాళ్ళని ప్రొఫైల్ లింకు కాపీ చేసి పంపమనండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంటే హ్యాండిల్‌లో ఏ అక్షరం మారిందో కంటికి అందదు, లింకు ఉంటే ఒక్కో అక్షరం విడిగా చదవచ్చు.

వాళ్ళకి మీ వాళ్ళు ఎలా దొరికారు అంటే, గివ్‌అవే పోస్టు కింద కామెంట్లే జాబితా. బిజినెస్ ఖాతాని ప్రైవేట్‌గా పెట్టే వీలు లేదు కాబట్టి ఫాలోవర్ల పేర్లు కూడా ఎవరికైనా కనిపిస్తాయి. మీ దగ్గర డేటా ఏదీ లీక్ అవ్వలేదు. ఈ మాట ఫాలోవర్లకి కూడా చెప్పండి, చాలామంది అడిగే మొదటి ప్రశ్న అదే.

చిన్నక్షరం:
హ్యాండిల్‌లో చిన్న l బదులు పెద్ద I పెడతారు, రష్యన్ a పెడతారు. కంటికి అస్సలు తేడా తెలియదు. అందుకే హ్యాండిల్ చూడమని చెప్పడం దండగ. నీలం టిక్ ఉందా లేదా చూడమనండి, అయిపోతుంది.

కాపలా_దీపం:
సగం నిజం ఉంది మీ మాటలో. మీరు చెప్పిన పెద్ద I, రష్యన్ a లాంటివి ప్రొఫైల్ మీద కనిపించే పేరులోనూ, వెబ్‌సైటు అడ్రసుల్లోనూ కుదురుతాయి. ఇన్‌స్టాగ్రామ్ హ్యాండిల్‌లో కుదరవు. అందులో చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్క, కింది గీత మాత్రమే పడతాయి. కాబట్టి దొంగ హ్యాండిల్ ఎప్పుడూ ఎక్కడో ఒకచోట నిజంగా వేరుగా ఉండి తీరుతుంది. అసలుది `mana.udaharana` అనుకుంటే దొంగవి ఇలా వస్తాయి:

```
mana.udaharana_
mana_udaharana
rnana.udaharana
mana.udaharanna
mana.udaharana.winner
```

మూడోది చూడండి. m స్థానంలో r, n పక్కపక్కన పెట్టారు. ఫోన్‌లో చిన్న అక్షరాల్లో అది m లాగే కనిపిస్తుంది. చివర ఒక కింది గీత తగిలించడం, చుక్క బదులు గీత పెట్టడం కూడా మామూలే.

నీలం టిక్ గురించి: ఇప్పుడు అది నెలవారీ చందా కట్టి కూడా తీసుకోవచ్చు. అంతకంటే పెద్ద చిక్కు, చిన్న వ్యాపారాల్లో చాలావాటికి టిక్ ఉండదు. కొవ్వొత్తి_పని గారి అసలు పేజీకే టిక్ లేకపోతే "టిక్ చూడండి" అన్న సలహా ఆవిడ పేజీనే దొంగది అంటుంది. ఇంకొకటి, ప్రొఫైల్ ఫొటో మీదే టిక్ బొమ్మ అతికించేస్తారు. అసలు టిక్ పేరు పక్కన ఉంటుంది, ఫొటో లోపల కాదు.

టిక్ కంటే పనికొచ్చేది `About this account`. ప్రొఫైల్ పైన మూడు చుక్కలు నొక్కితే వస్తుంది. ఖాతా ఏ నెలలో తెరిచారో, చాలా ఖాతాలకి ఏ దేశం నుంచి నడుస్తోందో, ఇంతకుముందు ఎన్ని పేర్లు మార్చారో అక్కడ ఉంటుంది. ఏళ్ళుగా నడుస్తున్న వ్యాపారం పేరుతో ఉన్న ఖాతా పోయిన నెలలో తెరిచింది అని కనిపిస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు. కాకపోతే పాత ఖాతాలు కొని పేరు మార్చి వాడేవాళ్ళు ఉన్నారు. కాబట్టి తేదీ పాతది అయినంత మాత్రాన అసలుది అనుకోకూడదు. కొత్తదైతే దొంగది అని చెప్పొచ్చు, పాతదైతే ఏమీ చెప్పలేం.

మట్టికుండ:
మా పేజీ విషయంలో కార్డు అడగలేదు. "విజేతగా నమోదు చేయడానికి మీ ఫోన్‌కి 6 అంకెల కోడ్ వస్తుంది, అది పంపండి" అన్నారు. డబ్బు అడగలేదు కదా అని మా ఫాలోవర్లలో కొందరు ఇచ్చేశారు, వాళ్ళ వాట్సాప్ పోయింది. హెచ్చరికలో డబ్బు సంగతే రాస్తే ఈ రకం మిగిలిపోతుంది. మా నంబరుకి కూడా ఇలా జరగకుండా ఏం చేయాలో ఎవరైనా చెప్తారా?

కాపలా_దీపం:
చాలా మంచి మాట గుర్తుచేశారు. ఆ 6 అంకెలు వాట్సాప్ రిజిస్ట్రేషన్ కోడ్. మోసగాడు తన ఫోన్‌లో మీ నంబరు కొడతాడు, కోడ్ మీకు వస్తుంది. అది చెప్పేస్తే మీ వాట్సాప్ అతని ఫోన్‌లో తెరుచుకుంటుంది. వాట్సాప్ సెట్టింగుల్లో `Account`, అందులో `Two-step verification` ఆన్ చేసి మీరే ఒక 6 అంకెల పిన్ పెట్టుకోండి. అప్పుడు కోడ్ పొరపాటున చెప్పినా పిన్ లేకుండా ఖాతా తెరవలేరు. ఇప్పటికే పోయిన వాళ్ళు తమ ఫోన్‌లో మళ్ళీ అదే నంబరుతో రిజిస్టర్ చేసి కొత్త కోడ్ కొడితే అవతలి ఫోన్‌లో లాగౌట్ అయిపోతుంది. ఈలోగా మోసగాడు తన పిన్ పెట్టేసి ఉంటే మాత్రం 7 రోజులు ఆగాల్సి రావచ్చు. ఆ 7 రోజులూ అతను కూడా వాడలేడు.

పదును:
నేను హెచ్చరిక పాఠం సంగతికి వస్తాను. మీ చిత్తులో రెండు లోపాలు ఉన్నాయి.

ఒకటి, "మోసపోకండి" అన్నారు గానీ మోసం ఏ రూపంలో వస్తుందో చెప్పలేదు. డీఎం అందుకున్న మనిషి తనకి వచ్చింది అదేనని పోల్చుకోలేడు, ఎందుకంటే తనకి వచ్చింది శుభవార్తలాగా ఉంది. ఆ మెసేజీలో ఉన్న మాటలే హెచ్చరికలో ఉండాలి: "మీరే విజేత", "షిప్పింగ్ ఖర్చు", "గంటలోపు". ఆ మాటలు చదవగానే "అరే, నాకు వచ్చింది ఇదే కదా" అనిపించాలి.

రెండు, ఇది పెద్దది. "మేము ఎప్పుడూ ఎవరికీ డీఎం చేయం" అన్నారు. నిజంగా చేయరా? ఆర్డర్ల గురించి డీఎంలో మాట్లాడతారా లేదా?

కొవ్వొత్తి_పని:
మాట్లాడతాం. అడ్రసు సరిగ్గా లేకపోతే మేమే ముందు మెసేజ్ పెడతాం. పేమెంట్ లింకు కూడా ఒక్కోసారి డీఎంలోనే పంపుతాం.

పదును:
అయితే ఆ వాక్యం తీసేయండి. మీరు రేపు అడ్రసు కోసం ఒకరికి డీఎం చేయగానే ఆ నియమం అబద్ధమవుతుంది. అప్పటినుంచి ఆ ఫాలోవర్ మీ మిగతా నియమాల్ని కూడా అలాగే చూస్తాడు. హెచ్చరికలో రాసే "ఎప్పుడూ చేయం" అన్న ప్రతి మాటా మీ దగ్గర పనిచేసే అందరూ, ఎంత హడావుడిలో ఉన్నా, తప్పకుండా పాటించగలిగేదై ఉండాలి. అలాంటివి రెండో మూడో మించి ఉండవు. మీ వరకు ఇవి నిలబడతాయి అనుకుంటున్నాను: బహుమతికి ఏ పేరుతోనూ డబ్బు తీసుకోం. ఫోన్‌కి వచ్చిన కోడ్ అడగం. కార్డు నంబరు చాట్‌లో అడగం.

డీఎంలో పేమెంట్ లింకులు పంపడం మాత్రం మానేయమనే నా సలహా. "మా సైటు తెరిచి, మీ ఆర్డర్ నంబరు కొట్టి, అక్కడే కట్టండి" అని చెప్పండి. కాస్త అసౌకర్యమే, కొన్ని ఆర్డర్లు పోవచ్చు కూడా. కానీ మీరే లింకులు పంపుతుంటే, లింకు నొక్కడం మామూలే అని మీ కొనుగోలుదారులకి మీరే అలవాటు చేస్తున్నట్టు.

గబగబ:
ఒక రహస్య మాట పెట్టుకుంటే? స్టోరీలో "ఈ వారం మా మాట ఫలానా" అని చెప్పి, డీఎంలో ఆ మాట ఉంటేనే నమ్మమనొచ్చు.

పదును:
స్టోరీ మోసగాడు కూడా చూస్తాడండీ. వేల మందికి చెప్పిన మాట రహస్యం కాదు. పైగా అతని మెసేజీలో ఆ మాట కనిపిస్తే జనం ఇంకా గట్టిగా నమ్ముతారు. ఆర్డర్ నంబరు అయితే కొంత నయం, అది మీకూ కొన్నవాళ్ళకీ మాత్రమే తెలుసు. కానీ గివ్‌అవేలో కామెంట్ పెట్టిన వాళ్ళలో చాలామంది ఇంకా ఏమీ కొని ఉండరు.

కాపలా_దీపం:
సరిచూసుకునే పద్ధతికి ఒక్కటే పునాది: వచ్చిన మెసేజీలో ఉన్న ఏ దారినీ వాడకూడదు. అందులోని లింకు, నంబరు, ఈమెయిలు, "మా మేనేజర్‌ని సంప్రదించండి" అన్న ఖాతా, అన్నీ మెసేజ్ పంపినవాడివే. అడిగితే "అవును, మేమే" అనే చెప్తాడు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటి ఉంది. ఖాతా బయోలో అసలు వెబ్‌సైటు లింకు ఉంటే అసలు ఖాతా అనుకుంటారు. దొంగ ఖాతా కూడా మీ అసలు సైటు లింకే పెట్టుకోగలదు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాబట్టి ఖాతా నుంచి సైటుకి వెళ్తే ఏదీ రుజువు కాదు. సైటు నుంచి ఖాతాకి రావాలి. మీ సైటులో పేజీలు మార్చగలిగేది మీరొక్కరే. అక్కడ "మేము వాడే ఖాతాలు" అని ఒక పేజీ పెట్టి, హ్యాండిళ్ళు, ఫోన్ నంబర్లు, ఈమెయిలు అడ్రసు రాయండి. ఇంతకుమించి ఏ ఖాతా నుంచి మెసేజ్ వచ్చినా మాది కాదు అని కూడా రాయండి. అడ్రసు చిన్నగా, నోటితో చెప్పగలిగేలా ఉండాలి, `udaharana.example/contact` లాగా. ప్యాకెట్‌లో వేసే కాగితం మీద కూడా అదే ముద్రించండి. ఫాలోవరు ఆ అడ్రసు చేత్తో టైపు చేసి, ఆ పేజీలోంచి ఇన్‌స్టాగ్రామ్ లింకు నొక్కి, తెరుచుకున్న ఖాతా నుంచే తనకి మెసేజ్ వచ్చిందా అని చూసుకోవాలి. పాత చాట్ ఉంటే ఇంకా తేలిక. అసలు ఖాతా అయితే కొత్త మెసేజ్ ఆ పాత చాట్‌లోనే కింద వస్తుంది. ఎప్పుడో ఆర్డర్ గురించి మాట్లాడిన మనిషికి ఉన్నట్టుండి ఖాళీ చాట్ తెరుచుకుని, అది కూడా మెసేజ్ రిక్వెస్టుల్లోకి వచ్చి పడిందంటే అది వేరే ఖాతా.

లింకు చదవడం కూడా ఒక్క ముక్కలో చెప్పొచ్చు. `https://` తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత `/` దగ్గర ఆగి, అక్కడినుంచి ఎడమకి చదవాలి. `udaharana.gift-claim.example/pay` లో సైటు యజమాని `gift-claim.example`, ముందున్న `udaharana` ఎవరైనా తగిలించుకోగల అలంకారం. తాళం బొమ్మ ఉందని నమ్మకూడదు. దారి మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే అది చెప్తుంది, అవతల ఉన్నది ఎవరో చెప్పదు.

పదును:
ఇవన్నీ ఫాలోవర్లకి పెట్టే పోస్టులో ఎక్కించకండి, ఎవరూ చదవరు. వివరాలు సైటు పేజీలో ఉంటే చాలు. పోస్టు ఇలా ఉండొచ్చు:

"మా గివ్‌అవేలో మీరు గెలిచారని, షిప్పింగ్ ఖర్చు గంటలోపు కట్టమని, లేదా ఫోన్‌కి వచ్చిన కోడ్ పంపమని మా పేరుతో మెసేజ్ వచ్చిందా? అది మేము పంపింది కాదు. బహుమతికి మేము ఏ రూపంలోనూ డబ్బు తీసుకోం, కోడ్‌లు అడగం. విజేత పేరు ఫలానా తేదీ సాయంత్రం ఈ పేజీలోనే పోస్టుగా పెడతాం, ఆ తర్వాత విజేతే మాకు మెసేజ్ చేయాలి. అందుకు 7 రోజుల గడువు ఉంటుంది. అనుమానం వస్తే ఆ మెసేజీకి జవాబివ్వకుండా మా సైటు అడ్రసు టైపు చేసి కాంటాక్ట్ పేజీ చూడండి. ఇప్పటికే కార్డు వివరాలు ఇచ్చినట్టయితే కార్డు వెనక ఉన్న నంబరుకి ఇప్పుడే ఫోన్ చేసి కార్డు ఆపించండి."

ఇందులో రెండు విషయాలు కావాలని పెట్టాను. విజేతే మీకు మెసేజ్ చేయాలి అంటే, "మీరు గెలిచారు" అంటూ ఎవరికి డీఎం వచ్చినా అది మీది కాదని వెంటనే తేలిపోతుంది. ఇక 7 రోజుల గడువు. మోసం నడిచేదే తొందర మీద, "గంటలోపు" అన్న మాట మీద. సరిచూసుకోవడానికి టైమ్ తీసుకుంటే బహుమతి పోదని మీ నోటితో మీరు ముందే చెప్పేస్తే ఆ తొందర పనిచేయదు.

చిన్నక్షరం:
దొంగ హ్యాండిల్ పోస్టులో చెప్పరా? ట్యాగ్ చేస్తే అందరూ రిపోర్ట్ చేస్తారు కదా.

మట్టికుండ:
మేము చెప్పాం. సాయంత్రానికల్లా వాళ్ళు పేరు మార్చేశారు. "మీరు చెప్పిన ఖాతా కాదు కదా, ఇది వేరే" అనుకుని కొందరు కొత్త పేరుని నమ్మారు.

పదును:
అందుకే పాఠంలో వద్దంటాను. ట్యాగ్ చేస్తే నొక్కగలిగే లింకు అవుతుంది, పొరపాటున దాన్నే అసలు పేజీ అనుకుని ఫాలో అయ్యేవాళ్ళు కూడా ఉంటారు. అసలు హ్యాండిల్ ఒక్కటి స్పష్టంగా రాయండి, "ఇది తప్ప మరేదీ మాది కాదు" అనండి.

కాపలా_దీపం:
ఇక్కడ నేను పూర్తిగా ఒప్పుకోను. స్క్రీన్‌షాట్ బొమ్మగా పెట్టి, తేడా ఉన్న అక్షరం చుట్టూ గీత గీస్తే జనానికి ఏం వెతకాలో అర్థమవుతుంది. బొమ్మ కాబట్టి నొక్కడానికి కుదరదు. కింద "పేరు మార్చి మళ్ళీ రావచ్చు" అని ఒక వాక్యం చాలు. బొమ్మలో మెసేజ్ అందుకున్న వాళ్ళ పేరు, ఫొటో మాత్రం చెరిపేయండి.

రిపోర్ట్ సంగతి. ఎవరైనా ఆ ప్రొఫైల్ మూడు చుక్కల్లోంచి `Report` నొక్కి, వేరొకరిలా నటిస్తున్నారు అన్న వరస ఎంచుకుని, ఎవరిలా అని అడిగినచోట మీ అసలు ఖాతా చూపించాలి. "స్పామ్" అని పెడితే అది వేరే దారిలో పోతుంది. దీనికి తోడు యజమానిగా మీరు హెల్ప్ సెంటర్‌లోని ఇంపర్సనేషన్ ఫారం నింపండి. అక్కడ దొంగ ఖాతా లింకు, మీరే యజమాని అని చూపే పత్రం అడుగుతారు. పేరుకి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ ఉంటే ట్రేడ్‌మార్క్ ఫారం విడిగా ఉంది, అదీ పంపండి. ఖాతా పోయేలోపు దాని లింకు, మెసేజీల స్క్రీన్‌షాట్లు, డబ్బు వెళ్ళిన ఖాతా వివరాలు దాచుకోవాలి. నష్టపోయిన వాళ్ళకి బ్యాంకులోనూ పోలీసుల దగ్గరా కావలసింది అదే. చాట్ డిలీట్ చేయవద్దని వాళ్ళకి చెప్పండి.

నష్టపోయిన వాళ్ళని ఇంకో విషయంలో కూడా కాపాడాలి. హెచ్చరిక పోస్టు కింద "నా డబ్బు పోయింది" అని కామెంట్ పెట్టగానే "ఫలానా ఆయన నా డబ్బు తిరిగి ఇప్పించారు, ఆయన్ని కలవండి" అని జవాబులు వస్తాయి. అదీ మోసమే, దెబ్బ తిన్నవాళ్ళ మీద రెండో దెబ్బ. ఆ కామెంట్లు కనిపించిన వెంటనే తీసేయాలి, లేదా ఆ పోస్టుకి కామెంట్లు ఆపేయాలి.

కొవ్వొత్తి_పని:
పదును గారి పాఠం పెట్టాను, సైటులో పేజీ కూడా పెట్టాను. చాలామంది స్క్రీన్‌షాట్లు పంపుతున్నారు, కార్డు ఇచ్చిన ఒకరిని వెంటనే బ్యాంకుకి ఫోన్ చేయమన్నాను. ఇంకో ప్రశ్న. ఇప్పుడే నాకే ఒక డీఎం వచ్చింది. "మెటా సపోర్ట్ టీమ్. మీ పేరుతో ఉన్న నకిలీ ఖాతా తొలగించడానికి ఈ లింకులో లాగిన్ అయి ధ్రువీకరించండి" అని ఉంది. నేను ఫారం పంపిన గంటకే వచ్చింది. నిజమే అయి ఉంటుందా?

కాపలా_దీపం:
నొక్కకండి. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా విషయాల మీద డీఎం పంపదు. మీ హెచ్చరిక పోస్టు చూసి, మీరు జవాబు కోసం ఎదురుచూస్తుంటారని తెలిసి పంపారు. లాగిన్ ఇస్తే ఈసారి నిజంగానే హ్యాక్ అవుతుంది, అప్పుడు మోసం మీ అసలు హ్యాండిల్ నుంచే నడుస్తుంది. నిజంగా ఈమెయిలు పంపారో లేదో చూడాలంటే యాప్‌లో `Accounts Center`, `Password and security`, `Recent emails` తెరవండి. ఈమధ్య వాళ్ళు పంపిన సెక్యూరిటీ ఈమెయిళ్ళు అక్కడ ఉంటాయి. మీ మెయిల్‌బాక్సులో పాస్‌వర్డ్ గురించో లాగిన్ గురించో ఏదైనా వచ్చి, ఆ జాబితాలో లేకపోతే అది వాళ్ళది కాదు. గబగబ గారు మొదట్లో చెప్పిన టూ ఫ్యాక్టర్ ఇప్పుడు పెట్టండి, పేజీ నడిపే మిగతా వాళ్ళ ఫోన్లలో కూడా.

కొవ్వొత్తి_పని:
ఆ జాబితాలో అలాంటిదేమీ లేదు. రిపోర్ట్ కొట్టాను. టూ ఫ్యాక్టర్ పెడుతున్నాను. హెచ్చరిక పోస్టుని ప్రొఫైల్ పైన పిన్ చేసి ఎప్పటికీ ఉంచేయమంటారా?

పదును:
గివ్‌అవే అయ్యేదాకా ఉంచి తీసేయండి. ఎప్పుడూ కళ్ళముందు ఉండే హెచ్చరికని కొన్నాళ్ళకి ఎవరూ చదవరు. మళ్ళీ గివ్‌అవే పెట్టినప్పుడు ఆ నియమాల్ని గివ్‌అవే పోస్టులోనే మొదటి నాలుగు వరసల్లో రాయండి.

మట్టికుండ:
నేనైతే ఉంచేస్తాను. మా దగ్గర దొంగ ఖాతాలు గివ్‌అవేలు లేనప్పుడు కూడా వస్తున్నాయి. కొత్తగా పేజీకి వచ్చేవాళ్ళు పిన్ చేసిన పోస్టులే ముందు చూస్తారు.